ఉప్పునీటిలో మైల్డ్ స్టీలు: పోలరైజేషన్ వక్రం మీద తుప్పు కరెంటును ఎక్కడ చదవాలి?

ప్రశ్న: 3.5 శాతం ఉప్పునీటిలో, గాలి తగిలేలా ఉంచి, మైల్డ్ స్టీలుకు టాఫెల్ ప్లాట్ తీశాను. తుప్పు పొటెన్షియల్ కాలొమెల్ ఎలక్ట్రోడ్ మీద −0.65 వోల్టు దగ్గర స్థిరంగానే వస్తోంది. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఫిట్ చేసే పరిధి మార్చినప్పుడల్లా తుప్పు కరెంటు మారిపోతోంది: చదరపు సెంటీమీటరుకు ఒకసారి 15, ఒకసారి 26 మైక్రోఆంపియర్లు. కాథోడిక్ స్లోప్ కూడా డెకేడ్‌కు ఒకసారి 370, మరోసారి 1400 మిల్లీవోల్టులు చూపిస్తోంది. ఏది సరైనది?

సమాధానం:

రెండూ సరైనవి కావు. మీ ద్రావణంలో కాథోడిక్ వైపు టాఫెల్ సరళరేఖే లేదు. అక్కడ ఉన్నది ఆక్సిజన్ విసరణ పరిమితి కరెంటు. లేని సరళరేఖకు సాఫ్ట్‌వేర్ ఒక వాలు కట్టి ఇస్తోంది కనుక, మీరు ఎంచుకున్న పరిధిని బట్టి ఆ వాలూ, దానితో పాటు తుప్పు కరెంటూ మారుతున్నాయి. మీరు ఇచ్చిన అంకెలను బట్టి చూస్తే అసలు తుప్పు కరెంటు 32 మైక్రోఆంపియర్ల దరిదాపుల్లో ఉండాలి. ఆ సంఖ్య ఎలా వచ్చిందో, మీరు మీ వక్రం మీద దాన్ని ఎలా చదవాలో కింద వివరిస్తాను. ఇకపై కరెంటు విలువలన్నీ చదరపు సెంటీమీటరుకు, వాలులన్నీ డెకేడ్‌కు అని గ్రహించగలరు.

ముందుగా సిద్ధాంతం ఏమంటుందో కొద్దిగా చూడాలి. 1938లో వాగ్నర్, ట్రాడ్ జింక్ అమాల్గమ్ ఆమ్లంలో కరగడాన్ని పరిశీలించి ప్రతిపాదించిన మిశ్రమ పొటెన్షియల్ సిద్ధాంతం సారాంశం ఇది: ఒకే లోహం ఉపరితలం మీద ఆక్సీకరణ చర్య ఒకటి, క్షయకరణ చర్య ఒకటి, దేని దారిన అవి, ఆ క్షణంలో ఉన్న పొటెన్షియల్‌ను బట్టి జరుగుతూ ఉంటాయి. బయటి నుంచి కరెంటు ఇవ్వనప్పుడు ఈ రెండింటి కరెంట్లు సమానమయ్యే పొటెన్షియల్ దగ్గర లోహం నిలబడుతుంది. అదే తుప్పు పొటెన్షియల్. అక్కడ ఒక్కో చర్య విడిగా నడిపే కరెంటే తుప్పు కరెంటు. మీటరు సున్నా చూపడం అంటే చర్య ఆగిపోయిందని కాదు; జీతం ఎంత వచ్చిందో అంతా ఖర్చయిన నెలలో బ్యాంకు ఖాతా నిల్వ మారకపోవడం లాంటిది. నిల్వను మాత్రమే చూసి ఖర్చు ఎంతో చెప్పలేము. అందుకే పొటెన్షియల్‌ను బయటి నుంచి కొంత జరిపి, రెండింటిలో ఒకదాన్ని అణచి, రెండోదాన్ని విడిగా చూస్తాము. పోలరైజేషన్ వక్రం తీసేది ఇందుకే.

లాగ్ అక్షం మీద వక్రం తుప్పు పొటెన్షియల్ దగ్గర సూదిమొనలా లోతుగా దిగడానికి కారణం కూడా ఇదే. అక్కడ నికర కరెంటు సున్నా కనుక దాని లాగరిథం అధఃపాతాళానికి పోతుంది. ఆ మొన ఎంత లోతుకు దిగింది అనేది మీ పరికరం ఎన్ని బిందువులు తీసుకుంది, ఎంత చిన్న కరెంటు కొలవగలదు అనే వాటి మీద ఆధారపడుతుంది తప్ప తుప్పు వేగంతో దానికి సంబంధం లేదు. మొన ఉన్న చోట పొటెన్షియల్‌ను మాత్రమే చదవాలి.

ఆమ్లంలో ఈ పని ఎందుకు సులువు? గాలి తొలగించిన ఆమ్లంలో ఇనుమును తీసుకుందాం. హైడ్రోజన్ చర్య సమతాస్థితి పొటెన్షియల్ పిహెచ్ సున్నా దగ్గర 0 వోల్టు (ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ మీద), ఇనుము మీద దాని ఎక్స్చేంజ్ కరెంటు ఒక మైక్రోఆంపియర్, వాలు 120 మిల్లీవోల్టులు అనుకుందాం. ఇనుము కరిగే చర్యకు −0.44 వోల్టు, ఎక్స్చేంజ్ కరెంటు దానిలో నూరో వంతు, వాలు 40 మిల్లీవోల్టులు అనుకుందాం. ఇవి లెక్కకు ఎంచుకున్న విలువలే అయినా వాస్తవానికి దగ్గరగానే ఉంటాయి. రెండు సరళరేఖలు కలిసే చోటు ఇలా దొరుకుతుంది:

```
-0.12 (x + 6) = -0.44 + 0.04 (x + 8)      x = log i (A/cm2)
-0.60 = 0.16 x
x = -3.75   ->   i = 178 µA/cm2,   E = -0.27 V
```

కాలొమెల్ మీద చూస్తే ఇది −0.51 వోల్టు. ఇనుముకు ఒక మైక్రోఆంపియర్ అంటే ఏడాదికి 0.0116 మిల్లీమీటరు కనుక, ఈ ఆమ్లంలో ఏడాదికి సుమారు 2 మిల్లీమీటర్ల మందం పోతుంది. ఇక్కడ రెండు వైపులా నిజమైన టాఫెల్ సరళరేఖలు ఉంటాయి. తుప్పు పొటెన్షియల్ నుంచి 50 మిల్లీవోల్టులు జరిగితే, ఈ వాలులతో, వ్యతిరేక చర్య వాటా రెండు శాతానికి పడిపోతుంది. అక్కడి నుంచి కనీసం ఒక డెకేడ్ పొడవున గీత వంపు లేకుండా ఉంటే దాన్ని వెనక్కి పొడిగించవచ్చు. రెండు పొడిగింపులూ తుప్పు పొటెన్షియల్ దగ్గరే కలిస్తే కొలత బాగున్నట్టే. పాఠ్యపుస్తకాల్లోని బొమ్మ ఈ సందర్భానిదే. చిక్కు ఏమిటంటే, సాఫ్ట్‌వేర్‌లోని టాఫెల్ ఫిట్ కూడా ఈ బొమ్మనే మనసులో పెట్టుకుని రాసినది.

మీ ఉప్పునీటిలో పరిస్థితి వేరు. తటస్థ ద్రావణంలో స్టీలు మీద కాథోడిక్ చర్య ప్రధానంగా కరిగి ఉన్న ఆక్సిజన్ క్షయకరణం. మీ తుప్పు పొటెన్షియల్ అయిన −0.65 వోల్టు దగ్గర ఆ చర్య ఎంతో వేగంగా జరగగలదు, కానీ ఆక్సిజన్ అంత వేగంగా ఉపరితలానికి చేరలేదు. వచ్చిన అణువు వచ్చినట్టు ఖర్చైపోతుంది. అప్పుడు కాథోడిక్ కరెంటు పొటెన్షియల్ మీద ఆధారపడడం మానేసి, విసరణ పొర మందం మీద ఆధారపడుతుంది:

```
iL = n F D C / δ
   = 4 × 96485 × 2e-5 × 2.1e-7 / 0.05
   = 3.2e-5 A/cm2
```

గాలితో సంతృప్తమైన 3.5 శాతం ఉప్పునీటిలో 25 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ లీటరుకు సుమారు 0.21 మిల్లీమోల్ ఉంటుంది. కదలిక లేని బీకరులో విసరణ పొర అర మిల్లీమీటరు అనుకుంటే 32 మైక్రోఆంపియర్లు వస్తుంది. పొటెన్షియల్‌ను నిలువు అక్షం మీద గీస్తే కాథోడిక్ శాఖ ఇక్కడ నిలువుగా కిందికి దిగే గీత. ఇనుము ఆనోడిక్ సరళరేఖ ఆ నిలువు గీతను ఎక్కడ ఖండిస్తుందో అక్కడే తుప్పు పొటెన్షియల్. కనుక తుప్పు కరెంటు అంటే ఆక్సిజన్ పరిమితి కరెంటే. మీరు వేరుగా పొడిగించవలసింది ఏమీ లేదు; నిలువు భాగం ఏ కరెంటు దగ్గర ఉందో చదివితే చాలు.

మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు చూద్దాం. తుప్పు కరెంటు 32 మైక్రోఆంపియర్లు, కాథోడిక్ వైపు పూర్తిగా పరిమితి కరెంటు, ఆనోడిక్ వాలు 60 మిల్లీవోల్టులు అని పెట్టుకుని నికర కరెంటు లెక్కించాను:

```
E - Ecorr (mV)      net i (µA/cm2)
   -120                 -31.7
    -60                 -28.8
    -20                 -17.1
    +20                 +37
    +40                 +117
    +60                 +288
```

కాథోడిక్ వైపు −20 నుంచి −120 వరకు పరిధి ఎంచుకుని రెండు చివరలనూ కలిపితే వాలు 373 మిల్లీవోల్టులు వస్తుంది. ఆ గీతను తుప్పు పొటెన్షియల్ దాకా వెనక్కి లాగితే 15 మైక్రోఆంపియర్లు. పరిధిని −60 నుంచి −120 వరకు మార్చితే వాలు 1400 దాటుతుంది, పొడిగింపు 26 దగ్గర తగులుతుంది. మీరు చెప్పిన నాలుగు సంఖ్యలూ ఇవే. అంటే మీ కొలతలో తప్పేమీ కనిపించడం లేదు. ఆ రెండు వాలులూ ఏ చర్యవీ కావు. తుప్పు పొటెన్షియల్ దగ్గర ఇనుము కరిగే కరెంటు కలవడం వల్ల వంగిన భాగాన్ని, ఆ తరువాత నిలువుగా ఉన్న భాగాన్ని కలిపి గీసిన అడ్డగీతలవి. టాఫెల్ వాలు 2.303RT/αnF నుంచి పుడుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర, ఒక ఎలక్ట్రాన్ బదిలీయే అడ్డంకిగా ఉండి α విలువ 0.5 అయితే 118 మిల్లీవోల్టులు. కాథోడిక్ వాలు 200 దాటిందంటే నేను దాన్ని వాలుగా కాక, పరిమితి కరెంటు గానీ ద్రావణ నిరోధం గానీ జోక్యం చేసుకుంటోందన్న హెచ్చరికగా చదువుతాను.

ఆనోడిక్ వైపు కూడా ఒక మెలిక ఉంది. దీన్ని చాలామంది గమనించరు. పట్టికలోని నికర కరెంట్లనే తీసుకుని +40, +60 బిందువులను కలిపితే వాలు 51 మిల్లీవోల్టులు వస్తుంది. వెనక్కి పొడిగిస్తే తుప్పు కరెంటు 19 అంటుంది. ఇది కూడా తప్పే. ఎందుకంటే ఈ పొటెన్షియల్ దగ్గర కూడా ఆక్సిజన్ తన 32 మైక్రోఆంపియర్లను తీసుకుంటూనే ఉంది. మీటరు చూపేది ఇనుము కరెంటులోంచి అది పోగా మిగిలినది. కనుక ప్రతి ఆనోడిక్ బిందువుకూ పరిమితి కరెంటును తిరిగి కలపాలి. అప్పుడు 37, 117, 288 స్థానంలో 69, 149, 320 వస్తాయి. వీటిని లాగ్ అక్షం మీద గీస్తే మూడూ ఒకే సరళరేఖ మీద పడతాయి, వాలు 60, ఆ గీత తుప్పు పొటెన్షియల్‌ను 32 దగ్గర తాకుతుంది. ఈ పనిని స్ప్రెడ్‌షీట్‌లో ఒక నిలువు వరుస అదనంగా పెట్టి చేసుకోవచ్చు. కలపవలసిన విలువను కాథోడిక్ నిలువు భాగం నుంచి తీసుకుని, కలిపాక ఆనోడిక్ గీత సరళరేఖ అయిందా లేదా అని చూడటం మీరు చదివిన విలువకు మంచి పరీక్ష. సరళరేఖ కాకపోతే పరిమితి కరెంటు తప్పుగా తీశారు, లేదా ఆనోడిక్ చర్య టాఫెల్ నియమాన్ని పాటించడం లేదు.

ఆ నిలువు భాగాన్ని తీసే చోటు కూడా ముఖ్యం. తుప్పు పొటెన్షియల్ నుంచి కనీసం 100 మిల్లీవోల్టులు కిందికి వెళ్లాకే చదవండి, ఎందుకంటే అంతకు ముందు ఇనుము వాటా ఇంకా కొంత కలిసి ఉంటుంది. మరీ కిందికి, కాలొమెల్ మీద −1.0 వోల్టు దాటి వెళితే నీటి నుంచి హైడ్రోజన్ వెలువడే కరెంటు తోడవుతుంది, గీత మళ్లీ వాలుతుంది. ఈ రెండింటి మధ్య 150 నుంచి 200 మిల్లీవోల్టుల పొడవున దాదాపు నిలువుగా ఉన్న భాగం దొరకాలి. దొరకకపోతే మీ తుప్పు పొటెన్షియల్ పరిమితి కరెంటు మీద లేదని, ఆక్సిజన్ చర్య వేగమూ విసరణా రెండూ కలిసి నియంత్రిస్తున్నాయని అర్థం. అప్పుడు నేను చెప్పిన సులువు పద్ధతి చెల్లదు. రెండు ప్రక్రియలనూ కలిపిన సమీకరణానికే వక్రాన్ని ఫిట్ చేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలు విషయంలోనూ ఇది చెల్లదు. అక్కడ పాసివ్ పొర కారణంగా ఆనోడిక్ వైపే టాఫెల్ భాగం ఉండదు.

నియంత్రించేది విసరణే అని నిర్ధారించుకోవడానికి సులువైన పరీక్ష: ద్రావణాన్ని మాగ్నెటిక్ స్టిర్రర్‌తో కలుపుతూ వక్రం మళ్లీ తీయండి. విసరణ పొర ఐదో వంతుకు తగ్గితే పరిమితి కరెంటు ఐదు రెట్లై, 160 దగ్గరికి పోతుంది. ఆనోడిక్ వాలు 60 కనుక తుప్పు పొటెన్షియల్ సుమారు 42 మిల్లీవోల్టులు పైకి జరుగుతుంది. ఇక్కడ ఒక విషయం నొక్కి చెప్పాలి. పొటెన్షియల్ పైకి జరిగింది, తుప్పు ఐదు రెట్లు పెరిగింది. అదే స్టీలుకు ఆనోడిక్ ఇన్హిబిటర్ వేస్తే పొటెన్షియల్ పైకే జరుగుతుంది, తుప్పు మాత్రం తగ్గుతుంది. పొటెన్షియల్ ఎటు జరిగిందో చూసి తుప్పు పెరిగిందనో తగ్గిందనో తీర్పు చెప్పకూడదు. ఏ శాఖ జరగడం వల్ల ఖండన బిందువు జరిగిందో వక్రం మీద చూశాకే చెప్పాలి. సిద్ధాంత వ్యాసాల్లో నేను ఎక్కువగా ఎర్రగీత పెట్టేది ఈ ఒక్క వాక్యం కిందే: "పొటెన్షియల్ ధనాత్మకంగా జరిగినందున తుప్పు నిరోధకత మెరుగైంది."

ఇక కొలత విషయంలో నేను పాటించే జాగ్రత్తలు. చాలామంది −250 మిల్లీవోల్టుల నుంచి మొదలుపెట్టి ఒకే దఫాలో +250 వరకు స్కాన్ చేస్తారు. ఉప్పునీటిలో ఇది వక్రాన్ని చెడగొడుతుంది. కాథోడిక్ భాగం నడిచినంతసేపూ ఉపరితలం మీది తుప్పు పొర క్షయకరణం చెందుతుంది, పక్కనున్న ద్రావణం క్షారగుణం పొందుతుంది. ఫలితంగా స్కాన్‌లో కనిపించే సున్నా కరెంటు పొటెన్షియల్, అంతకు ముందు స్థిరంగా చదివిన ఓపెన్ సర్క్యూట్ పొటెన్షియల్ కంటే పదుల మిల్లీవోల్టులు కిందికి పడవచ్చు. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే ఆ వక్రం నుంచి తుప్పు కరెంటు చదవను. నమూనాలు రెండు తీసుకుని, రెండింటినీ ఓపెన్ సర్క్యూట్ స్థిరపడేవరకు ఉంచి, ఒకదాని మీద కిందికి, మరొకదాని మీద పైకి స్కాన్ చేయడం మేలు. స్కాన్ వేగం సెకనుకు 0.167 మిల్లీవోల్టు, అంటే గంటకు 0.6 వోల్టు ఉంటే సరిపోతుంది.

ద్రావణ నిరోధం మీ కరెంట్ల దగ్గర పెద్ద సమస్య కాదు గానీ, ఆనోడిక్ వైపు దూరం పోయిన కొద్దీ మీ వాలును పెంచేస్తుంది. లగ్గిన్ మొనకూ నమూనాకూ మధ్య నిరోధం 20 ఓమ్-చదరపు సెంటీమీటర్లు ఉందనుకుంటే, 100 మైక్రోఆంపియర్ల దగ్గర నష్టం 2 మిల్లీవోల్టులే. 1000 దగ్గర అది 20 అవుతుంది. ఆ ఒక్క డెకేడ్‌లోనే 60 ఉండవలసిన వాలు 78గా కనిపిస్తుంది. ఆనోడిక్ వాలు పైకి పోయిన కొద్దీ నెమ్మదిగా పెరుగుతూ ఉంటే మొదట దీన్నే అనుమానించండి. నమూనా అంచు ఎపాక్సీ నుంచి వీడి, సందులోకి నీరు దిగిందేమో కూడా పరీక్ష అయ్యాక చూడండి. అక్కడ తుప్పు గీత కనిపిస్తే మీరు భాగించిన వైశాల్యమే సరైనది కాదు.

చివరగా, ఈ 32ను మరో దారిలో సరిచూసుకోవాలి. స్టెర్న్, గీరీ 1957లో ఇచ్చిన సంబంధం ప్రకారం తుప్పు పొటెన్షియల్‌కు అటూ ఇటూ 10 మిల్లీవోల్టులు మాత్రమే జరిపి పోలరైజేషన్ నిరోధం కొలవవచ్చు:

```
icorr = B / Rp
B = ba·bc / [2.303 (ba + bc)]
bc -> ∞  :  B = ba / 2.303 = 60 / 2.303 = 26 mV
Rp ≈ 800 ohm·cm2  ->  icorr ≈ 32 µA/cm2
```

కాథోడిక్ వాలుకు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన 370నే పొరపాటున వాడినా B విలువ 22 అవుతుంది, తుప్పు కరెంటు 28 వస్తుంది. అంటే టాఫెల్ పొడిగింపులో సగానికి పైగా ముంచిన అదే తప్పు ఇక్కడ ఎనిమిదో వంతు తేడాతో సరిపెడుతుంది. ఆక్సిజన్ నియంత్రణలో ఉన్న స్టీలుకు నేను ఈ పద్ధతినే ముందు నమ్మి, పూర్తి వక్రాన్ని ఆనోడిక్ వాలు కోసం, నిలువు భాగం కోసం వాడతాను. స్కాన్ తీసిన నమూనాను మాత్రం దీనికి మళ్లీ వాడకండి. నిరోధం కొలత ముందు, స్కాన్ తరువాత.

బరువు నష్టం పరీక్ష కూడా పెట్టండి, ఇది కష్టమైనది కాదు. 32 మైక్రోఆంపియర్లు వారం రోజులు నడిస్తే చదరపు సెంటీమీటరుకు 5.6 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. పది చదరపు సెంటీమీటర్ల కూపన్ మీద అది 56 మిల్లీగ్రాములు, మామూలు అనలిటికల్ తూకానికి సులువుగా అందుతుంది. అయితే వారంలో ఉపరితలం మీద తుప్పు పొర పేరుకుని ఆక్సిజన్ దారిని మరింత అడ్డుకుంటుంది కనుక, తొలి గంటలో తీసిన వక్రం కంటే బరువు నష్టం తక్కువ రావడం సహజం. 35 మిల్లీగ్రాములు వచ్చినా నేను కంగారుపడను. 100 దాటితే మాత్రం వైశాల్యాన్నీ, కూపన్ శుభ్రం చేసిన ఆమ్లంలో తుప్పు పట్టని కూపన్ పోగొట్టుకున్న బరువునూ మళ్లీ లెక్క చూస్తాను. కూపన్ మీద గుంటలు కనిపిస్తే, ఏడాదికి 0.37 మిల్లీమీటరు అన్న సగటు సంఖ్య గుంట లోతు గురించి ఏమీ చెప్పదు. దాన్ని సూక్ష్మదర్శినితో విడిగా కొలవాలి.

మీరు ముందుముందు విశాఖ తీరం నుంచి సముద్రపు నీరు తెచ్చి ఇదే ప్రయోగం చేయాలనుకుంటే, ఈ 32ను అక్కడికి తీసుకుపోవద్దు. సముద్రపు నీటిలో కాథోడిక్ ధ్రువణం వల్ల ఉపరితలం దగ్గర క్షారగుణం పెరిగి కాల్షియం కార్బొనేట్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పొరగా దిగుతాయి. నిలువు భాగం స్కాన్ జరుగుతుండగానే ఎడమకు జరిగిపోతుంది. అక్కడ తాజా నమూనా మీద తీసిన పోలరైజేషన్ నిరోధమే ఆధారం.